తొంభై రోజుల కానుక

విజయవాడలో ఒక్క రోజు బిజినెస్ సెమినార్‌కి వెళ్లి, మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రానికి ఫైలు చంకన పెట్టుకుని తిరిగొచ్చిన మనిషితో వేగడం మహా కష్టం. మా ఓనరు అలాగే వెళ్లొచ్చాడు. అంతకు ముందు ఆయనకి తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి మొత్తం మూడు బ్యూటీ పార్లర్లు ఉండేవి. వెళ్లొచ్చాక వాటిని 'సెలూన్ చైన్' అనడం మొదలుపెట్టాడు. దువ్వెన ఏ చేత్తో పట్టుకుంటారో ఆయనకి తెలియదు. వాళ్లావిడ పెట్టిన పార్లరు బాగా నడుస్తుంటే, ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి తను వచ్చి కుర్చీలో కూర్చున్న రకం. రేపల్లె బ్రాంచి నేను చూసుకునేదాన్ని. పెళ్లికూతుళ్లకి మేకప్ చెయ్యడం నాకొచ్చిన పని. మిగతాదంతా నా నెత్తిన పడింది.

ఆ నవంబరులో మూడు బ్రాంచీల ఇన్‌చార్జులనీ తెనాలి పిలిపించి మీటింగ్ పెట్టాడు. క్రిస్మస్‌కి గిఫ్ట్ వోచర్లు అమ్ముతామన్నాడు. చేతికిచ్చేది రంగుల కార్డు. వెయ్యి కడితే పన్నెండు వందల సర్వీసు. పెళ్లికూతురి మేకప్‌కి వేరే బంగారు రంగు కార్డు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత అసలు విషయానికొచ్చాడు. కొన్నవాళ్లలో కొంతమంది కార్డు ఇంట్లో పెట్టి మర్చిపోతారట, గడువు దాటిపోతుందట, ఆ డబ్బు మనకి ఊరికే మిగులుతుందట. దాన్ని బ్రేకేజ్ అంటారని చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి, పూతరేకు నోట్లో వేసుకున్నట్టు కళ్లు మూసుకున్నాడు. పని చేసి సంపాదించాలనుకునేవాళ్లని చూశాను, పని చెయ్యకుండా సంపాదించాలనుకునేవాళ్లనీ చూశాను. జనం మర్చిపోతారన్న ఆశ మీద షాపు నడపాలనుకున్న మనిషిని మాత్రం అప్పుడే చూశాను.

ఆ మీటింగుకి ఆడిటరు కూడా వచ్చాడు. పాపం, మెల్లగానే చెప్పాడు.

"వోచరు అమ్మగానే వచ్చిన డబ్బు మన ఆదాయం కాదండి. సర్వీసు చేసేదాకా అది కస్టమర్‌కి మనం బాకీ ఉన్నట్టే. లెక్కల్లో విడిగా చూపించాలి."

"అలాగే అలాగే," అన్నాడు మా ఓనరు, తల తెగ ఊపేస్తూ. మొదటి వారం అమ్మకాల డబ్బు చేతికి రాగానే కారుకి కొత్త సీటు కవర్లు వేయించుకున్నాడు.

గడువు తొంభై రోజులని నిర్ణయించాడు. తొంభైయే ఎందుకని అడిగితే దానికీ ఆయన దగ్గర లెక్క ఉంది. డిసెంబరులో కొంటారు, మాఘమాసంలో ముహూర్తాలుంటాయి, పెళ్లిళ్లన్నీ ఆ లోపు అయిపోతాయి, ఇంక గడువెందుకు అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కలే ఉన్నవాడు. వీధికో చర్చి ఉన్న ఊళ్లలో వ్యాపారం చేస్తున్నవాడు. క్రిస్మస్ పేరు చెప్పి అమ్ముతున్న కార్డుకి పంచాంగం చూసి గడువు పెట్టాడు.

నేను ఊరుకోలేకపోయాను. "సార్, క్రిస్మస్‌కి కానుకలు కొనేది మా క్రైస్తవులే ఎక్కువండి. క్రిస్మస్ అయిన కొన్నాళ్లకే శ్రమకాలం వస్తుంది, ఈస్టర్ ముందు నలభై రోజులు ఉపవాసాలు. ఈస్టర్ దాకా మాలో పెళ్లిళ్లు చెయ్యరు. భక్తిగా ఉండేవాళ్లు తల్లో పువ్వు కూడా పెట్టుకోరు, ఇంక ఫేషియల్‌కి ఏం వస్తారు? తొంభై రోజులు పెడితే సరిగ్గా ఆ మధ్యలో అయిపోతుందండి. ఈస్టర్ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లేలా పెట్టండి."

ఆయనకి ఈ సంగతి నిజంగానే తెలియదు. మొహంలో తెలిసిపోయింది. తెలియకపోవడం తప్పేం కాదు, తెలియనివాణ్ణి క్షమించొచ్చు. కానీ ఒక్క నిమిషం ఆలోచించి, చిన్నగా నవ్వి, "అయితే ఇంకా మంచిదేగా మేడం," అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకున్న కాస్త మర్యాదా పోయింది. ఆ తర్వాత నేనాయన్ని 'సార్' అన్నది జీతం కోసమే.

కార్డుల సంగతి చెప్పాలి. నోట్లలా దాచుకోవాల్సిన వస్తువది. ఒక్కో కార్డుకి ఒక నంబరు, నంబరు ముందు బ్రాంచి అక్షరం. అమ్మినప్పుడు కార్డు మీద తేదీ వేసి, సంతకం పెట్టి, షాపు ముద్ర కొట్టాలి. రిజిస్టర్లో నంబరు, ఎంతకి అమ్మాం, ఎవరు కొన్నారు, ఫోన్ నంబరు, గడువు తేదీ రాయాలి. బాపట్లలో కొన్న కార్డు రేపల్లెలో వాడుకోవచ్చు కాబట్టి, ఏ రోజు అమ్మకాలు ఆ రోజే తెనాలికి పంపాలి, అక్కడ కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఎవరైనా కార్డు తెస్తే ముందు ఆ నంబరు తెనాలిలో సరిచూసుకుని, పని అయ్యాక ముద్ర కొట్టి, మూల కత్తిరించి, బిల్లుకి పిన్ను చేసి మా దగ్గరే ఉంచుకోవాలి. లేకపోతే ఒకే కార్డు మీద ఇద్దరొస్తారు. ఇదంతా సెమినార్లో చెప్పినా మా ఓనరు విని ఉండడు, భోజనాల టైం అయి ఉంటుంది. నేనే మొత్తం కూర్చుని మూడు బ్రాంచీలకీ గళ్లు గీసిచ్చాను.

గళ్లు గీసిస్తే సరిపోతుందా. బాపట్లలో క్రిస్మస్ ముందు రోజుల రద్దీలో అమ్మాయిలు తేదీ వెయ్యకుండానే బోలెడు కార్డులు ఇచ్చేశారు. కొన్నవాళ్లు ఒకళ్లొకళ్లుగా తేదీ వేయించుకోడానికి తిరిగొస్తుంటే, ఏం చెయ్యమంటారని అమ్మాయిలు ఓనరుకి ఫోన్ చేసి అడిగారు. మా ఓనరు తడుముకోకుండా, తేదీ లేనివన్నీ ప్రింటయిన రోజు నుంచి లెక్క అన్నాడు. అంటే అమ్మకముందే వాటి గడువు కరుగుతోందన్నమాట. రిజిస్టర్లో అమ్మిన తేదీ ఉందిగా, అది చూసి వెయ్యమని నేను బాపట్లకి విడిగా ఫోన్ చేసి చెప్పాను. ఆయనకి తెలియలేదు. రిజిస్టరు తెరిచి చూసే మనిషయితే కదా తెలియడానికి.

పండగ ప్రచారం ఇంకో వినోదం. మూడు షాపుల ముందూ దూది అంటించిన చెట్లు పెట్టించాడు. అమ్మాయిలందరికీ ఎర్ర టోపీలు తెప్పించాడు. డిసెంబరయినా మధ్యాహ్నం పూట రేపల్లెలో ఆ ఉన్ని టోపీ పెట్టుకుని డ్రయ్యర్ పక్కన నిలబడితే ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు, ఆయన ఏసీ గదిలో కూర్చుంటాడు. టోపీ లోపల చెమటకి థ్రెడింగ్ చేసే అమ్మాయికి నుదుటి మీద పొక్కులొచ్చాయి. చర్మం గురించి కస్టమర్లకి సలహాలిచ్చే షాపు మాది.

అయినా కార్డులు అమ్ముడుపోయాయి. జనం మంచివాళ్లు, కానుకలివ్వడం వాళ్లకిష్టం. రేపల్లె పక్కనే నగరం అని ఒక ఊరుంది, అక్కడి చర్చి స్త్రీల సమాజం నుంచి ఒక పంతులమ్మగారు వచ్చింది. రిటైరయిన టీచరు, సమాజానికి పెద్ద. వాళ్ల సంఘంలో పొలం పనులకి వెళ్లే ఒకావిడకి భర్త లేడు, ఇద్దరాడపిల్లలు. పెద్దమ్మాయికి పెళ్లి కుదిరింది. స్త్రీలందరూ తలా కాస్త వేసి ఆ పిల్లకి పెళ్లికూతురి మేకప్ కార్డు కొన్నారు. గిన్నెలూ చీరలూ అందరూ ఇస్తారని, జీవితంలో పార్లరు గుమ్మం తొక్కని పిల్లకి ఆ ఒక్క రోజయినా ఇది దక్కాలని పంతులమ్మగారి ఆలోచన. క్రిస్మస్ ప్రోగ్రాములో స్టేజి మీద పిలిచి ఇస్తామంది.

"పెళ్లెప్పుడండి?" అనడిగాను.

"ఈస్టర్ అయిన గురువారం," అంది.

కార్డు తిప్పి వెనక చూపించాను. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చదివింది. "ఇదేంటమ్మా, శ్రమకాలంలో అయిపోతుందిగా," అంది. నేను ఆవిడ ముందే ఓనరుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ముందు అమ్మేయండి మేడం, అప్పటికి చూద్దాంలే, మనవాళ్లేగా అన్నాడు. ఆవిడా విన్నది. మనవాళ్లేగా అన్న మాట నమ్మి ఆవిడ డబ్బు కట్టింది. రిజిస్టర్లో ఆ నంబరు పక్కన 'ఈస్టర్ తర్వాత, ఓనరు ఫోన్లో ఒప్పుకున్నారు' అని రాసుకున్నాను.

ఈస్టర్ మర్నాడు, సోమవారం, తల్లీ కూతురూ పంతులమ్మగారూ షాపుకొచ్చారు. పెళ్లి గురువారం, ముందుగా టైం మాట్లాడుకుని పోదామని. మా ఓనరు సోమవారాలు రేపల్లె వస్తాడు, గల్లా చూసుకోడానికి. ఆ పిల్ల రెండు చేతులా కార్డు పట్టుకుని ఆయన ముందు పెట్టింది. ఆయన పిల్ల మొహం చూడలేదు. కార్డు తిప్పి వెనక చూశాడు.

"ఇది ఎక్స్‌పైర్ అయిపోయిందమ్మా."

"మీరు ఒప్పుకున్నారండి, ఫోన్లో. నేను విన్నాను," అంది పంతులమ్మగారు.

"చూద్దామన్నానండి. చూశాను కదా. సిస్టం తీసుకోదండి." సిస్టం అంటే తెనాలిలో ఉన్న కంప్యూటరు, దాని ముందు కూర్చునేది ఆయన మేనల్లుడు. "అయినా మీ కోసం ఒకటి చేస్తా. సగం కట్టండి, రెన్యువల్ చేయిస్తాను."

నేను రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టాను. చూడకుండా మూసేశాడు. పంతులమ్మగారు పెదవులు బిగించి సంచీలో చెయ్యి పెట్టింది. పిల్ల తల్లి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దమ్మగారూ. కానుకకి మళ్లీ డబ్బులేంటండి. మా పిల్ల పౌడరేసుకుని చేసుకుంటదిలెండి పెళ్లి," అంది. గొంతు పెంచలేదు. కార్డు మాత్రం బల్ల మీంచి తీసుకుని కొంగున ముడేసుకుంది. ముగ్గురూ వెళ్లిపోయారు. ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి, గోడ మీదున్న పెళ్లికూతుళ్ల ఫొటోలు ఒకసారి చూసి వెళ్లింది.

"సెంటిమెంట్లు పెట్టుకుంటే బిజినెస్ నడవదు మేడం," అన్నాడాయన నాతో. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు ఆ గల్లాపెట్టె ఆయన నెత్తిన వెయ్యకపోవడానికి కారణం, ఇంటి అద్దె.

గురువారం సెలవు పెట్టాను. చుట్టాల పెళ్లన్నాను, ప్రభువులో చుట్టాలమే కాబట్టి అబద్ధమేం కాదు. నా సొంత మేకప్ పెట్టె తీసుకుని పొద్దున్నే బస్సెక్కి నగరం వెళ్లాను. ఆ తల్లి గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"కార్డు చెల్లదన్నారుగా అమ్మా. నీకు మాటొస్తది."

"నేను కార్డు కోసం రాలేదండి. పెళ్లికొచ్చాను. నాకు చేతనయిన చదివింపులు ఇవే."

అప్పుడు జరిగింది పక్కకి. కిటికీ దగ్గర వెలుతురుంటే పిల్లని అక్కడ కూర్చోబెట్టి నిదానంగా చేశాను. ఎండలో తిరిగిన చర్మం, దాని మీద తెల్లగా పూసేస్తే మాస్కులా ఉంటుంది, మా బాపట్ల వాళ్లు అలాగే చేస్తారు. ఆ పిల్ల రంగులోనే ఉంచి చేశాను. తెల్లచీర, తల మీద ముసుగు, చేతిలో పూలగుత్తి. అద్దం చూసుకుని ఏడుస్తుందేమోనని భయపడ్డాను, కాజల్ పాడవుతుందని. ఏడవలేదు, నవ్వింది. ఆ నవ్వుతోనే ఫోన్లో ఒక ఫొటో తీసుకుని, పిల్లని అడిగి నా స్టేటస్‌లో పెట్టుకున్నాను. నేను చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే.

మళ్లీ క్రిస్మస్ వచ్చింది. మళ్లీ కార్డులు, మళ్లీ అదే తొంభై రోజులు. ఈసారి తెలిసే పెట్టాడు. ఒక ఆదివారం పొద్దున షాపు తెరవడానికి వెళ్లేసరికి పైన ఎత్తుగా కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద తెల్ల ముసుగులో ఆ పిల్ల మొహం, అదే నవ్వు. కింద 'మీ ఆత్మీయులకు మరపురాని క్రిస్మస్ కానుక, మా బ్రైడల్ వోచర్' అని పెద్దక్షరాలు. దానికింద చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు. నా స్టేటస్‌లోంచి తీసి దాచుకున్నాడన్నమాట. నన్నడగలేదు, ఆ పిల్లనీ అడగలేదు. ఏ పిల్లని వెనక్కి పంపాడో ఆ పిల్లేనని ఆయనకి తెలియదు. ఎలా తెలుస్తుంది, ఆ రోజు మొహం చూస్తే కదా.

నేను చెప్పలేదు. ఫొటో ఎవరిదని అడిగినవాడయితే చెప్పేదాన్ని.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక షాపు నిండిపోయింది. కార్డులు కొనడానికి ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. పండగ అమ్మకాలు కళ్లారా చూసుకుందామని ఓనరు కూడా తెనాలి నుంచి వచ్చి గల్లా దగ్గర కూర్చున్నాడు. ఆ వరస పక్కనుంచి పిల్ల తల్లి లోపలికొచ్చింది. చేతిలో చక్కెరకేళి అరటిపళ్ల అత్తం. కొల్లూరు లంకలో ఉండే చెల్లెలు పంపిందని చెప్పి నా ముందు బల్ల మీద పెట్టింది. మా ఓనరు అది తనకే అనుకుని తనవైపు జరుపుకున్నాడు. ఎవరేం తెచ్చినా తనకేనని ఆయన నమ్మకం.

ఆవిడ ఆయన వైపు చూసింది. కొంగు ముడి విప్పి బంగారు రంగు కార్డు తీసింది. ముద్ర లేదు, మూల కత్తిరించలేదు, ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"బాబుగారూ, ఇది వాడలేదండి. మా చిన్నమ్మాయికి సంబంధం కుదిరింది. దానికైనా పనికొస్తదా అండి?"

ఆయన కార్డు తిప్పాడు. "ఇదెప్పుడో అయిపోయిందమ్మా. కొత్తది తీసుకో. బయట బోర్డు చూశావుగా, ఎంత బాగా చేస్తామో."

"చూశానండి. అది మా పెద్దమ్మాయండి."

ఆయన నావైపు చూశాడు. నేను రిజిస్టర్లో గీత గీసుకుంటున్నాను.

"ఈ కార్డుకి తొంభై రోజులన్నారు. మా పిల్ల బొమ్మకి గడువు ఎన్నాళ్లండి బాబుగారూ?" అంది ఆవిడ. వెటకారం లేదు. అడిగింది, జవాబు కోసం నిలబడింది.

వరసలో ముందున్నావిడ అప్పుడే కొన్న కార్డు వెనక్కి తిప్పింది. "తొంభై రోజులంటే ఈస్టర్ ముందే అయిపోద్దిగా," అని వెనకున్నావిడతో అంది. ఆ మాట గుమ్మం దాకా పాకింది. డబ్బు తీసిన చేతులు మళ్లీ సంచుల్లోకి వెళ్లాయి. సెమినార్లో ఈ అధ్యాయం చెప్పి ఉండరు. మా ఓనరు మొహం పాలిపోయింది, ఆ పిల్లని తలుచుకుని కాదు, ఆ సంచులని చూసి.

"అబ్బే, అదేం లేదండి, పొడిగిస్తాం, పండగ కదా," అన్నాడు. "మేడం, వీళ్ల కార్డు మీద రాయండి."

"రాస్తానండి. సంతకం మీదే కావాలి," అన్నాను.

ఆవిడ కార్డు మీద ఈస్టర్ తర్వాత మూడు నెలల దాకా చెల్లుతుందని రాసి ముందుకి జరిపాను. సంతకం పెట్టాడు. వెంటనే ముందున్నావిడ తన కార్డు చాపింది, ఆ వెనకావిడా చాపింది. పెట్టకపోతే కొనరు. మధ్యాహ్నం దాకా కూర్చుని ప్రతి కార్డు మీదా పెట్టాడు. ఆయన మా షాపులో చేసిన పని నేను చూసినంతలో అదొక్కటే. నంబరు నంబరుకీ కొత్త గడువు నేను రిజిస్టర్లో ఎక్కించాను. చిన్నమ్మాయి పెళ్లి ఈస్టర్ తర్వాతే అయింది, షాపులోనే కూర్చోబెట్టి చేశాను, ముద్ర కొట్టి కార్డు మూల నా చేత్తోనే కత్తిరించాను.

ఆ ఆదివారం సాయంత్రం ఫ్లెక్సీ దింపించాడు. ఆ తల్లి వెళ్లేటప్పుడు, క్షమించమని కాదు కదా, వెళ్లిరమ్మని కూడా అనలేదు. గుడ్డ గట్టిగా ఉంది, పారేయడం ఎందుకని షాపు వెనక జనరేటర్ మీద కప్పించాడు, పిల్ల మొహం లోపలికి వచ్చేలా. తర్వాత చక్కెరకేళి అత్తం తీసుకెళ్లి, సీటు కవర్లకి మరక అంటకుండా కింద పేపరు పరిచి, కార్లో పెట్టుకుని తెనాలి వెళ్లిపోయాడు.